మాట లేకుండా వచ్చిన గ్రూప్ ఫొటో

మిర్యాలగూడలో మా స్టూడియో నంబర్‌కి ఒక్క ముక్క రాయకుండా గ్రూప్ ఫొటో మాత్రమే పంపేవాళ్లు చాలామంది, ప్రింటా, ఫ్రేమా, కింద పేర్లు వేయాలా తెలియక ఫోన్ల మీద ఫోన్లు చేసేవాణ్ని. ఇప్పుడు కనిపించింది రాసి ఒకే ప్రశ్న అడుగుతున్నా: "ముందు వరుసలో 5గురు కూర్చున్నారు, వెనక 9మంది నిలబడ్డారు, బ్యానర్‌పై పదవీ విరమణ సన్మానం అని ఉంది. దీంతో ఏం చేయమంటారు?" నడిమధ్యన ఉన్నాయన తెలిసిన ముఖంలా ఉన్నా నేను పేరు రాయను, "దండ వేసుకున్నాయన" అంటాను, ఎందుకంటే ఒకసారి అన్న పేరు తమ్ముడి కింద పడి 20 ప్రింట్లు మళ్లీ తీయాల్సి వచ్చింది. పేర్లు కావాలంటే వరుసవారీగా ఎడమ నుంచి కుడికి వాళ్లనే రాసి పంపమంటాను. సెల్ఫీ అయితే జాగ్రత్త, అద్దంలోలా ఎడమ కుడి తారుమారై ఉండొచ్చు, బ్యానర్ అక్షరాలు తిరగబడి కనిపిస్తే ఫొటోని ముందు సరిచేసుకోండి.