ఫోన్‌లో ఉన్న గొంతు స్పీకర్‌లో మాయం: బ్యాలెన్స్‌డ్ కేబుల్ సమస్యలు, పరిష్కారాలు

సౌండ్ తేడాగా వస్తోందని మిక్సర్ ముందు కూర్చుని నాబ్‌లు తిప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. కేబుల్ పీకి దాని చివర చూసేవాళ్లు మాత్రం తక్కువ. దయచేసి ముందు ఆ పని చేయండి. జాక్ మీద నల్ల గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక గీత ఉంటే టీఎస్, అంటే షాపులో మోనో పిన్ అని ఇచ్చేది. రెండు గీతలుంటే టీఆర్ఎస్, స్టీరియో పిన్. షాపుల్లో పి-38 అనే 6.35 మి.మీ. పెద్ద జాక్‌కైనా, ఈపీ పిన్ అనే 3.5 మి.మీ. చిన్న జాక్‌కైనా ఇదే లెక్క. మూడు గీతలుంటే అది మైక్ ఉన్న ఇయర్‌ఫోన్ పిన్, మిక్సర్‌కి తీసుకెళ్లే లైన్‌లో దానికి పని లేదు. రెండు చివర్లూ చూడండి. ఒకవైపు రెండు గీతలు, ఇంకోవైపు ఒకటే గీత ఉన్న కేబుళ్లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం అర్థమైతే కింద చెప్పేవన్నీ వాటంతటవే అర్థమవుతాయి. అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో సిగ్నల్‌కి ఒకే వైరు ఉంటుంది, తిరుగుదారిగా ఆ వైరు చుట్టూ ఉన్న లోహపు పొర, అంటే షీల్డ్, పనిచేస్తుంది. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో హాట్, కోల్డ్ అని రెండు వైర్లు ఉంటాయి, షీల్డ్ వేరుగా ఉంటుంది. అవతలి పరికరం హాట్‌లో వచ్చినదాంట్లోంచి కోల్డ్‌లో వచ్చినదాన్ని తీసేసి, మిగిలిన తేడానే సౌండ్‌గా తీసుకుంటుంది. దారిలో కలిసిన రొద రెండు వైర్ల మీదా దాదాపు సమానంగా పడుతుంది కాబట్టి ఆ తీసివేతలో అది పోతుంది. మైక్‌లకు వాడే మూడు పిన్నుల గుండ్రటి కనెక్టర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ షీల్డ్, 2 హాట్, 3 కోల్డ్. టీఆర్ఎస్‌లో మొన హాట్, మధ్య రింగు కోల్డ్, వెనక భాగం షీల్డ్. రెండూ చేసే పని ఒకటే. ఎక్స్‌ఎల్‌ఆర్‌కి లాక్ ఉంటుంది, ఊడిరాదు, అందుకే స్టేజి మీద అదే వాడతారు.

ఆ తీసివేత జరిగేది పరికరంలో, కేబుల్‌లో కాదు. కాబట్టి పంపే పరికరం, అందుకునే పరికరం, మధ్యలో కేబుల్, మూడూ బ్యాలెన్స్‌డ్ అయితేనే లాభం. ఒక్కటి తప్పినా మొత్తం లైన్ అన్‌బ్యాలెన్స్‌డే.

సమస్య: స్పీకర్లలో గుయ్‌మని హమ్, ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే ఇంకా ఎక్కువ

ఇంట్లో రికార్డింగ్ పెట్టుకున్నవాళ్లకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి, లోపలే యాంప్ ఉన్న పవర్డ్ స్పీకర్లకు లైన్ వేస్తారు. రెండింటి మీదా బ్యాలెన్స్‌డ్ సాకెట్లే ఉంటాయి. కేబుల్ మాత్రం ఇంట్లో ఉన్న గిటార్ కేబుల్. దాని మీద ఒకటే గీత.

చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోయిందా? అయితే అది గ్రౌండ్ లూప్. చార్జర్ ఎర్త్, స్పీకర్ ఎర్త్ వేర్వేరు దారుల్లో ఒకదానికొకటి కలిసి, కేబుల్ షీల్డ్ గుండా చిన్న కరెంట్ పోతోంది. అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో షీల్డ్ కూడా సిగ్నల్ దారే కాబట్టి మన 50 హెర్ట్జ్ కరెంటు రొద నేరుగా పాటలో కలుస్తుంది. గిటార్ కేబుల్ తీసేసి రెండు చివరలా రెండు గీతలున్న టీఆర్ఎస్ కేబుల్ పెట్టండి. స్పీకర్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ మాత్రమే ఉంటే టీఆర్ఎస్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ తీసుకోండి. చాలా ఇళ్లలో సమస్య ఇక్కడితోనే అయిపోతుంది.

త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని ఎవరైనా చెబితే వినకండి. హమ్ పోవచ్చు, కానీ పరికరంలో షార్ట్ అయిన రోజు కరెంటుకి మిగిలే దారి మైక్ పట్టుకున్న మనిషే. టీవీలాంటి ఆర్‌సీఏ అవుట్‌పుట్ మాత్రమే ఉన్నచోట అయితే రెండు పరికరాల గ్రౌండ్‌లు కలవకుండా విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ మధ్యలో పెట్టండి.

సమస్య: పాట వస్తోంది, పాడేవాళ్ల గొంతు లేదు

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది, ఎక్కువ సమయం తినేది ఇదే. కేబుల్ కొత్తదే, లూజ్ లేదు, హమ్ లేదు, అయినా పాట సగమే వస్తుంది.

ఒక స్కూల్ వార్షికోత్సవం అనుకోండి. పిల్లల డ్యాన్సులకు పాటలు ఫోన్‌లో ఉన్నాయి. సౌండ్ అతను ఒకవైపు ఈపీ స్టీరియో పిన్, ఇంకోవైపు ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబుల్ తెచ్చి, స్టేజి మీది మైక్ లైన్‌లో పెట్టాడు. పాట మొదలైంది. వయొలిన్లు, పక్క వాయిద్యాలు, కోరస్ వినిపిస్తున్నాయి. గాయని గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఎకో మాత్రమే. డ్రమ్ముల దెబ్బ, బేస్ లేవు. అతను మిడ్ పెంచాడు, బేస్ పెంచాడు, స్పీకర్ మార్చాడు, చివరికి పాట మళ్లీ డౌన్‌లోడ్ చేయమన్నాడు. టీచర్లకు టెన్షన్. ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టి వింటే మాత్రం అంతా బాగుంది.

జరిగింది ఇది. ఫోన్‌లో పెట్టిన పిన్ మీద రెండు గీతలున్నాయి, కానీ ఆ రెండు గీతలకు అక్కడ అర్థం వేరు. ఫోన్‌లో మొన ఎడమ చానెల్, రింగు కుడి చానెల్. రెండూ వేర్వేరు సిగ్నల్స్. మిక్సర్ దగ్గర అవి ఎక్స్‌ఎల్‌ఆర్ 2వ పిన్‌కీ, 3వ పిన్‌కీ వెళ్లాయి. మిక్సర్‌కి స్టీరియో వచ్చిందని తెలియదు. అది ఎప్పుడూ చేసే పనే చేసింది, ఎడమలోంచి కుడిని తీసేసింది. గాయని గొంతు, బేస్, డ్రమ్ములో పెద్ద దెబ్బ పాట మిక్స్‌లో మధ్యలో ఉంటాయి, అంటే రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటాయి. సమానమైనవి తీసివేతలో సున్నా అయిపోయాయి. ఎడమకో కుడికో జరిపిన వాయిద్యాలు, గొంతు చుట్టూ ఉన్న స్టీరియో ఎకో మిగిలాయి. రొదను తీసే పద్ధతే ఇక్కడ గొంతును తీసేసింది.

నిర్ధారించుకోవడం తేలిక. 1950, 60ల నాటి పాత సినిమా పాట ఒకటి పెట్టండి. మోనోలో రికార్డ్ అయినది, తర్వాత స్టీరియోగా మార్చనిది అయితే రెండు చానెళ్లలోనూ ఒకటే సిగ్నల్ ఉంటుంది కాబట్టి దాదాపు ఏమీ వినపడదు. పాత పాట చేతిలో లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో Accessibility లోకి వెళ్లి Mono audio ఆన్ చేయండి. చాలామంది దీన్నే పరిష్కారం అనుకుంటారు, కానీ అది ఆన్ చేయగానే మిగిలిన వాయిద్యాలు కూడా మాయమై దాదాపు నిశ్శబ్దం వస్తుంది. అలా జరిగితే కారణం ఇదేనని ఖాయం చేసుకోండి. వెంటనే ఆఫ్ చేయడం మర్చిపోకండి.

ప్రోగ్రామ్ నడుస్తోంది, వేరే కేబుల్ లేదు అంటే అదే Accessibility లో ఎడమ, కుడి బ్యాలెన్స్ స్లైడర్ ఉంటుంది, దాన్ని పూర్తిగా ఎడమకు జరపండి. కుడి చానెల్ సున్నా అవుతుంది, ఎడమలోంచి సున్నా తీసేస్తే ఎడమే మిగులుతుంది. గొంతు తిరిగి వస్తుంది. కుడివైపు మాత్రమే ఉన్న వాయిద్యాలు పోతాయి, కానీ ఆ పూటకి ప్రోగ్రామ్ నడుస్తుంది.

అసలు పరిష్కారం కేబుల్ మార్చడమే. ఒకవైపు ఈపీ స్టీరియో, ఇంకోవైపు రెండు పి-38 మోనో పిన్నులు ఉన్న కేబుల్ కొనండి. దాన్ని మిక్సర్‌లో స్టీరియో లైన్ చానెల్‌కి గానీ, రెండు చానెళ్లకు గానీ పెట్టండి. మోనో పిన్‌కి రింగు ఉండదు కాబట్టి కోల్డ్ వైపు గ్రౌండ్‌కి కలిసిపోతుంది, ఇక తీసివేయడానికి అవతల ఏమీ ఉండదు. మిక్సర్ స్టేజికి దూరంగా ఉంటే ఈ కేబుల్ పొడవు పెంచకండి. అన్‌బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే స్టీరియో డీఐ బాక్స్ ఫోన్ దగ్గరే పెట్టి, అక్కడి నుంచి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్లు పంపండి. ఒకటే లైన్ ఉందని ఎడమ, కుడి వైర్లు నేరుగా కలిపి టాంకా వేయడం మంచిది కాదు, రెండు అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి లాగుతాయి. కలపాల్సి వస్తే ఒక్కో చానెల్‌కి 470 ఓమ్‌ల నుంచి 1 కిలోఓమ్ వరకు ఒక రెసిస్టర్ పెట్టి అప్పుడు కలపాలి.

ఇదే జబ్బు ఫోన్‌తోనే వస్తుందనుకోకండి. కీబోర్డ్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి మిక్సర్‌కి టీఆర్ఎస్ కేబుల్ పెట్టినా, ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి ఒక స్పీకర్‌కి పెట్టినా, ల్యాప్‌టాప్ నుంచి అడాప్టర్‌తో పి-38 స్టీరియో పిన్ తెచ్చినా ఇదే జరుగుతుంది. చాలా కీబోర్డ్‌లకు వెనక లెఫ్ట్/మోనో అని రాసిన లైన్ అవుట్ ఉంటుంది. ఒకటే లైన్ తీసుకునేటప్పుడు అక్కడ మోనో కేబుల్ పెట్టండి, కీబోర్డే రెండు చానెళ్లనూ సరిగ్గా కలిపి ఇస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఫోన్‌ని ఎక్స్‌ఎల్‌ఆర్‌లోకి పెట్టే ముందు ఆ చానెల్‌లో కండెన్సర్ మైక్‌ల కోసం మిక్సర్ పంపే 48 వోల్ట్ ఫాంటమ్ పవర్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆ వోల్టేజి 2, 3 పిన్నుల మీద వస్తుంది, నేరుగా ఫోన్ అవుట్‌పుట్‌లోకి వెళ్తుంది.

సమస్య: సౌండ్ వస్తోంది కానీ తక్కువగా, కొంచెం రొదతో

మైక్ లైన్‌లో ఇలా వస్తే ఎక్స్‌ఎల్‌ఆర్ చివర విప్పి 2, 3 పిన్నుల టాంకాలు చూడండి. రెండింట్లో ఒక వైరు తెగినా సిగ్నల్ చాలాసార్లు పూర్తిగా ఆగిపోదు, లెవెల్ తగ్గి, రొదను తీసే శక్తి పోయి నడుస్తుంది. అందుకే ఈ కేబుల్ బాగానే ఉందని ఏళ్ల తరబడి వాడేస్తుంటారు. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి 1కి 1, 2కి 2, 3కి 3 కొట్టండి, కొట్టేటప్పుడు కేబుల్ చివర అటూ ఇటూ వంచండి.

2, 3 పిన్నులు తారుమారైన కేబుల్, లైన్‌లోకి రేడియో స్టేషన్ రావడం లాంటివి ఉంటాయి, కానీ అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి.

ఏది ఎక్కడ

గిటార్ అవుట్‌పుటే అన్‌బ్యాలెన్స్‌డ్, దానికి టీఆర్ఎస్ కేబుల్ కొంటే డబ్బు దండగ. మంచి టీఎస్ కేబుల్ 5, 6 మీటర్లలోపు పెట్టుకోండి, అంతకంటే దూరం అయితే డీఐ బాక్స్. మైక్‌కి ఎప్పుడూ ఎక్స్‌ఎల్‌ఆరే. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు, మిక్సర్ నుంచి యాంప్‌కి టీఆర్ఎస్ అయినా ఎక్స్‌ఎల్‌ఆర్ అయినా సరే, సాకెట్ ఏది ఉంటే అది. ఒకవైపు టీఎస్, ఇంకోవైపు ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబుల్ చూసి బ్యాలెన్స్‌డ్ అనుకోకండి. అందులో 3వ పిన్‌ని మామూలుగా 1వ పిన్‌కి కలిపేసి ఉంచుతారు. షాపులో స్టీరియో నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ అడిగేటప్పుడు దేనికి పెడుతున్నారో చెప్పి కొనండి. ఇంటర్‌ఫేస్‌కి అయితే అది సరైన కేబుల్, ఫోన్‌కి అయితే పనికిరాదు.