బాడుగ గదిలో రాత బల్ల – 3వ పాఠం: చివరి వరుస టైలు

పోయిన పాఠంలో నేల టైళ్లు లెక్కపెట్టి గది కొలత చెప్పమన్నాను. చాలామంది చెప్పారు. వచ్చిన ఫోటోల్లో సగానికి పైగా లెక్క తప్పింది. అందులో నా తప్పూ ఉంది: టైళ్లు లెక్కపెట్టమన్నానే కానీ ఆఖరి వరుసను ఎలా చూడాలో చెప్పలేదు. అందుకే ఈ వారం చెప్పాలనుకున్న లైటు సంగతి పక్కన పెట్టి దీన్నే పట్టుకుంటున్నా.

తిరుపతి బైరాగిపట్టెడలో మిద్దె మీద గది తీసుకుని డీఎస్సీకి చదువుకుంటున్న ఒకబ్బాయి పంపిన ఫోటోనే ఉదాహరణగా తీసుకుందాం. తలుపు దగ్గర నిలబడి తీశాడు. ఎదురుగా కిటికీ, అందులో కొండ కనబడుతోంది. తిరుపతిలో కొండ కనబడితే అది ఉత్తరం, వేరే దిక్సూచి అక్కర్లేదు. కిటికీ గోడను ఆనుకుని ఇనుప మంచం, తల తూర్పుకి. తలుపు దక్షిణం గోడకి తూర్పు చివర ఉంది, లోపలికి తెరుచుకుంటుంది. నైరుతి మూలలో బీరువా, మొహం ఉత్తరానికి. దాన్ని కదిలించడానికి ఓనరమ్మ ఒప్పుకోదట. మంచిదే, ఒక వస్తువు స్థిరంగా ఉంటే లెక్క తేలికవుతుంది.

ఇతని లెక్క: తూర్పు పడమరలు ఐదు టైళ్లు, ఉత్తర దక్షిణాలు ఐదు. రెండడుగుల టైలు కాబట్టి గది పదికి పది. అసలు కొలత అది కాదు.

మొదటి సంగతి, అంగట్లో ‘రెండడుగుల టైలు’ అనేది నిజానికి 60 సెంటీమీటర్లు. రెండడుగులంటే 61 సెంటీమీటర్లకు ఒక పిసరు తక్కువ. ఐదు టైళ్లకి రెండంగుళాలు పోతుంది.

అసలు నన్ను విసిగించేది రెండోది. మేస్త్రీ టైళ్లు ఒక గోడ నుంచి మొదలుపెట్టి పరుచుకుంటూ పోతాడు. అవతలి గోడ దగ్గర మిగిలినంత మేరకు టైలు కోసి అతికిస్తాడు. ఆ ముక్కను ఎక్కువగా మంచం కిందకో బీరువా కిందకో వచ్చేలా చూస్తాడు. ఫోటోలో దూరపు టైళ్లు ఎలాగూ పొట్టిగా కనబడతాయి, కాబట్టి కోసిన ముక్క కూడా దూరంగా ఉన్న నిండు టైలులాగే అనిపిస్తుంది. ‘వెనకది కదా సార్, చిన్నగానే కనబడుతుంది’ అని నలుగురు వాదించారు. అందుకే కంటిని నమ్మకండి, గీత గీయండి.

ఫోటోను ఫోన్లో పెద్దది చేసి, మంచం కప్పని చోట రెండు వరుసల నిండు టైళ్లు వెతకండి. ఒక టైలు ఇవతలి ఎడమ మూల నుంచి అవతలి కుడి మూలకి ఐమూలగా గీత లాగండి. దాన్ని అలాగే పొడిగిస్తే తర్వాతి వరుసలో కుడి పక్కనున్న టైలు ఐమూలలు కూడా ఆ గీత మీదే పడాలి. ఫోటోలో టైళ్లు ఎంత పొట్టిగా కనబడినా ఈ సంగతి మారదు, తిన్నటి గీత ఫోటోలోనూ తిన్నగానే ఉంటుంది. ఆఖరి వరుసలో గీత టైలు మూలకు చేరకముందే గోడకు తగిలిందంటే అది కోసిన ముక్క. తగిలిన చోటే ఎంత ముక్కో చెబుతుంది. ఇతని ఫోటోలో గీత సరిగ్గా టైలు వెడల్పు మధ్యలో గోడకు తగిలింది, అంటే సగం టైలు. గది ఉత్తర దక్షిణాలు నాలుగున్నర టైళ్లు, 270 సెంటీమీటర్లు, అంటే దాదాపు 106 అంగుళాలు. ఇతను అనుకున్నది 120.

ఈ గీత పని చేయాలంటే ఫోటో మామూలు లెన్సుతో తీయాలి. గదంతా పట్టాలని 0.5x నొక్కితే అంచుల్లో గీతలు వంగుతాయి. అలా తీసిన ఫోటోలు నేను చూడను, తిప్పి పంపేస్తా.

పాత ఇళ్లలో కడప బండలుంటే ఈ పద్ధతి మొత్తం వదిలేయండి. ఒక్కో బండ ఒక్కో సైజు. టేపు లేకపోతే మీ జాన ఎన్ని అంగుళాలో ఒకసారి స్కేలు మీద చూసుకుని దాంతో కొలవండి.

ఇప్పుడు బల్ల. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఇతను బీరువా ముందు, పడమటి గోడకి ఖాళీ కనబడిందని అక్కడ పెట్టాడు. కాగితం మీద పట్టింది. గదిలో పెట్టాక బీరువా తలుపులు తెరుచుకోలేదు! మూడడుగుల బీరువాకి ఒక్కో రెక్క అడుగున్నర, రెండూ ముందుకే వస్తాయి. రెక్కలు ఊగే చోటు ఖాళీగా కనబడినా అది బీరువాదే.

నేనైతే మంచాన్ని తూర్పు గోడకు తిప్పి, తల దక్షిణానికి పెడతాను. మంచం పొడవు 75 అంగుళాలు, తలుపు రెక్క 30. రెండూ కలిపితే 105, గది 106. మిగిలేది ఒక్క అంగుళం. పదికి పది అనుకుని ధైర్యంగా ఉన్నవాడికి ఇక్కడ తెలుస్తుంది సగం టైలు విలువ. చెక్క మంచం, తల దగ్గర పలక ఉన్నదైతే పరుపు కంటే మూడు నాలుగు అంగుళాలు ఎక్కువే ఉంటుంది, అప్పుడు తలుపు కొట్టుకుంటుంది. ఇతనిది పైపుల మంచం కాబట్టి బతికిపోయాడు. మంచం లాగకముందు తలుపు దక్షిణం గోడకు లంబంగా నిలిచేలా తెరిచి, రెక్క చివర నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి కిటికీ గోడ దాకా కొలిచి చూసుకోమన్నాను.

బల్ల వాయవ్యం మూలలో, కిటికీ గోడకు ఆనించి. బల్ల ఎడమ సగానికి ఎదురుగా గోడ, కుడి సగానికి ఎదురుగా కిటికీ. ల్యాప్‌టాప్ గోడ వైపు పెట్టుకోవాలి, తెర వెనక నుంచి వెలుతురు కళ్లలో కొట్టదు. పుస్తకం కిటికీ వైపు. ఎదురు వెలుతురు కాబట్టి చేతి నీడ రాస్తున్న అక్షరం మీద కాక మన వైపు పడుతుంది. పైగా ఉత్తరపు కిటికీ, ఎండ నేరుగా పెద్దగా దూరదు.

106లో బల్ల వెడల్పు 24, బీరువా లోతు 18 పోతే, బల్ల అంచు నుంచి బీరువా మొహం దాకా 64 అంగుళాలు వస్తుంది. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి 30 తీసేయండి, ఇంకా 34 ఉంటుంది, బీరువా రెక్క తెరిచి నిలబడటానికి సరిపోతుంది. మీ బీరువా కదిలించే వీలుంటే దాన్ని పక్క గోడకు పూర్తిగా ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి, లేకపోతే గోడ వైపు రెక్క నిండా తెరుచుకోక లోపలి సొరుగు బయటికి రాదు.

మంచం ఎలా జరపాలో, ఎవర్ని పిలవాలో నేను చెప్పను.

అభ్యాసం: పాత పేపర్లు అతికించి బల్ల సైజులో ఒకటి, కుర్చీ వెనక 30 అంగుళాల చోటుకి ఒకటి తయారు చేసి, అనుకున్న చోట నేల మీద టేపుతో అంటించండి. రెండు రోజులు ఆ పేపర్ల మీద కాలు పెట్టకుండా గదిలో తిరగండి. పొద్దున బీరువాలో చొక్కా తీసేటప్పుడు, రాత్రి కరెంటు పోయినప్పుడు కూడా. ఏ పేపరు ఎక్కడ చిరిగిందో ఫోటో తీసి పంపండి, మామూలు లెన్సుతో.