క్లీన్‌రూమ్ గాలి లెక్కలు – 5వ పాఠం: కన్వేయర్ కన్నం దగ్గర పోయే ప్రెషర్

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చూశాను. బ్లిస్టర్ ప్యాకింగ్ గది 6 మీటర్ల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తు. గంటకు 20 ఎయిర్ చేంజ్‌లు కావాలి కాబట్టి సప్లై 1800 ఘనపు మీటర్లు. ఇది అందరికీ వచ్చింది. రిటర్న్ ఎంత అన్న చోట మాత్రం దాదాపు అందరూ మళ్ళీ 1800 అనే రాశారు. అంత గాలీ పంపి, అంత గాలీ వెనక్కి లాగేస్తే గదికి ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తుంది? నేను అక్కడ ఒక వాక్యం చెప్పి ముందుకు వెళ్ళిపోయాను, అది సరిపోలేదు. అందుకే ఈసారి హెపా ఫిల్టర్ల ఎంపిక పక్కన పెట్టి, పాఠమంతా ఈ ఒక్క గది మీదే చేస్తాను.

గది పరిస్థితి ఇది. ఒక పక్క ప్రైమరీ కారిడార్, మధ్యలో ఒక తలుపు. ఇంకో పక్క సెకండరీ ప్యాకింగ్ హాలు. మాత్ర బయటికి కనిపించేది మన గదిలోనే కాబట్టి హాల్లోని అట్టపెట్టెల నూగు, దుమ్ము లోపలికి రాకూడదు. అలాగే మన మాత్రల పొడి కారిడార్లోకి పోకూడదు. కాబట్టి హాలు 0, మన గది 15 పాస్కల్స్, కారిడార్ 30. గాలి ఎప్పుడూ కారిడార్ నుంచి గదిలోకి, గదిలోంచి హాల్లోకి వెళ్ళాలి. పక్కపక్క గదుల మధ్య 15 పాస్కల్స్ అన్నది డబ్ల్యూహెచ్‌వో మార్గదర్శకాల్లో కూడా ఉన్న అంకె. మీ గేజ్ మిల్లీమీటర్లలో ఉంటే ముల్లు ఒకటిన్నర దగ్గర నిలవాలి.

సీలైన బ్లిస్టర్లు కన్వేయర్ మీద హాల్లోకి వెళ్ళడానికి గోడలో కన్నం ఉంటుంది. మన కేసులో అది 300 మిల్లీమీటర్ల వెడల్పు, 150 ఎత్తు. దానికి యాక్రిలిక్ షట్టర్ ఉంది, దించితే 100 ఎత్తు మిగులుతుంది. అంటే తెరిచి ఉన్న వైశాల్యం 0.03 చదరపు మీటర్లు. తలుపు సందులన్నీ కలిపి 0.005 అనుకుందాం. సందులోంచి పోయే గాలికి సూత్రం ఇది:

```
Q = 0.83 × A × √ΔP
```

A చదరపు మీటర్లలో, ΔP పాస్కల్స్‌లో పెడితే Q సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది. గంటకు కావాలంటే 3600తో గుణించండి. కన్నంలోంచి హాల్లోకి గంటకు 347 పోతుంది. తలుపు సందుల్లోంచి కారిడార్ గాలి 58 లోపలికి వస్తుంది. ఇక రిటర్న్ ఎంతో చూడండి:

```
1800 + 58 − 347 = 1511
```

ఆ 1511 దగ్గర రిటర్న్ డాంపర్ నిలబెడితే 15 పాస్కల్స్ నిలుస్తుంది. మీరు రాసినట్టు 1800 లాగితే? సప్లై, రిటర్న్ ఒకదానికొకటి సరిపోయాయి కాబట్టి ఇక మిగిలింది తలుపు సందు, కన్నం రెండే. తలుపులోంచి వచ్చినంతా కన్నంలోంచి పోవాలి. కన్నం ఆరు రెట్లు పెద్దది కాబట్టి ప్రెషర్ తేడా అక్కడ 36వ వంతే ఉంటుంది. గది 0.8 పాస్కల్ దగ్గర కూర్చుంటుంది. గేజ్ మీద ముల్లు కదిలినట్టే కనిపించదు.

ఇక్కడే అంబత్తూరు నుంచి ఒకరు అడిగారు, “సార్, అయితే ఏసీపీహెచ్ 25 చేస్తే ప్రెషర్ వచ్చేస్తుందా?” రాదండీ. ఈ ప్రశ్న నేను ఆలత్తూరులో పనిచేసిన ప్రతి ప్రాజెక్టులోనూ వింటున్నాను, విన్న ప్రతిసారీ బాధగా ఉంటుంది. సప్లై 2250, రిటర్న్ 2250 చేసి చూడండి, అదే 0.8 వస్తుంది. ఎయిర్ చేంజ్‌లు గదిలో పుట్టే దుమ్మును పలచన చేయడానికి. ప్రెషర్ మాత్రం సప్లైకీ రిటర్న్‌కీ ఉన్న తేడా, ఆ తేడా పోవడానికి ఉన్న సందు, ఈ రెంటి మధ్య వ్యవహారం. 1800లో 289 తేడానే మన ప్రెషర్‌ను పట్టి ఉంచుతోంది. ఎయిర్ చేంజ్‌లూ ప్రెషరూ ఒకటే అనుకుంటే ఏసీ బిల్లు పెరుగుతుంది, ముల్లు మాత్రం కదలదు.

తేడా అంత చిన్నది కాబట్టే ఫిల్టర్ ముచ్చట ఇందులోకి వస్తుంది. హెపా మూసుకుపోయే కొద్దీ సప్లై తగ్గుతుంది. పది శాతం తగ్గి 1620 అయిందనుకోండి. ఎయిర్ చేంజ్‌లు 18, రిపోర్టులో ఎవరూ ఎర్ర గీత గీయరు. కానీ రిటర్న్ అదే 1511 ఉంటే తేడా 289 నుంచి 109కి పడిపోయింది. లెక్క వేస్తే గది ప్రెషర్ 15 నుంచి సుమారు 4 పాస్కల్స్‌కి దిగుతుంది. అందుకే బ్లోవర్‌కు వీఎఫ్‌డీ పెట్టి, వేగాన్ని కాకుండా గాలి పరిమాణాన్ని స్థిరంగా పట్టే సెన్సర్ పెట్టమని నేను పట్టుబడతాను. ప్రీ ఫిల్టర్ కడిగిన రోజు ప్రెషర్ పెరిగి, మళ్ళీ మెల్లగా తగ్గుతోందంటే మీ దగ్గర ఆ సెన్సర్ లేదు, ఉన్నా పనిచేయడం లేదు.

ఒకసారి మా లైన్లో పొద్దున 15 చూపించిన గేజ్ మధ్యాహ్నానికి 7కి వచ్చింది. ఏహెచ్‌యూ చూశాం, డాంపర్లు చూశాం, ఏమీ మారలేదు. చివరికి కన్నం దగ్గర వంగి చూస్తే షట్టర్ పైకి లేచి ఉంది. బ్యాచ్ మారినప్పుడు లైన్ క్లియరెన్స్ కోసం ఎత్తి తుడిచారు, దించడం మరిచిపోయారు. వైశాల్యం 0.03 నుంచి 0.045 అయింది, అంతే. ఈ గది లెక్కలో పెట్టి చూసినా 7.2 వస్తుంది. అప్పటి నుంచి షట్టర్ దించామా లేదా అన్నది క్లియరెన్స్ చెక్‌లిస్టులో ఒక గీతగా పెట్టించాను. షట్టర్ అంచుకు హాలు వైపు ష్రింక్ ఫిల్మ్ సన్నటి ముక్క ఒకటి అతికించండి. అది హాలు వైపుకు సాగి ఎగురుతూ ఉంటే గాలి సరైన దారిలో ఉన్నట్టు. వేలాడిందంటే గేజ్ చూడకుండానే తెలిసిపోతుంది. కన్నం దగ్గర గాలి సెకనుకు మూడు మీటర్లకు పైగా వేగంతో పోవాలి కాబట్టి ముక్క బద్ధకంగా ఊగితే కూడా అనుమానించాలి.

తలుపు తెరిచినప్పుడు ఏమవుతుందని అడగకండి, ఏ తేడా కూడా ఆపలేదు. దానికి ఎయిర్‌లాక్, ఇంటర్‌లాక్ ఉన్నాయి.

నా ఇష్టం ఏమిటంటే ముందు కన్నం తగ్గించడం, తర్వాతే గాలి. హాల్లోకి పోయే ప్రతి ఘనపు మీటరూ మళ్ళీ తాజా గాలిగా బయటి నుంచి రావాలి. చెన్నై గాలిలోని తేమనంతా కాయిల్ మీద పిండాలి.

ఇక అభ్యాసం. షట్టర్‌తో కన్నాన్ని 200 వెడల్పు, 60 ఎత్తుకు తగ్గించండి. 15 పాస్కల్స్ నిలబెట్టడానికి రిటర్న్ ఎంతో కట్టండి. తర్వాత ఆ రిటర్న్ అలాగే ఉంచి, సప్లైని పది శాతం తగ్గించి గది ప్రెషర్ కట్టండి. సూటిగా రాదు, అంకెలు మార్చి మార్చి చూడాలి. మైనస్ గుర్తు వస్తే లెక్క తప్పిందని చెరిపేయకండి. కన్నంలో గాలి ఏ వైపు పోతోందో పక్కన రాసి, నా ఇష్టానికి అది ఏ షరతు పెడుతోందో కూడా ఒక వాక్యంలో రాసి పంపండి. ఆరో పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.