గల్ఫ్ ఉద్యోగానికి ఏజెంటు అడిగే కాగితాలు: ఏది ఎప్పుడివ్వాలి, ఎలా పంపాలి

కోనసీమ నుంచి, భీమవరం, నరసాపురం వైపు పల్లెల నుంచి కువైట్, ఖతార్, ఒమన్, సౌదీ దేశాలకు వెళ్లేవారికి ఉద్యోగం మాట మొదట ఊళ్లో తెలిసినవారి ద్వారానో, వాట్సాప్‌లో తిరిగే ప్రకటన ద్వారానో చేరుతుంది. ఆ మాట వెంటే కాగితాల జాబితా కూడా వస్తుంది: పాస్‌పోర్టు రెండు వైపులా, ఆధార్ రెండు వైపులా, పాన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటో, అన్నీ ఈ రోజే. ఈ కాగితాలన్నీ ఒకే రోజున అవసరమయ్యే ఉద్యోగం ఏదీ లేదు. నియామకం కొన్ని మెట్లుగా సాగుతుంది, ఒక్కో మెట్టుకు ఒకటో రెండో కాగితాలు సరిపోతాయి. ఇంకా అవసరం రాని కాగితాన్ని అవతలివారి చేతిలో పెట్టకపోవడమే ఇక్కడ ముఖ్యమైన జాగ్రత్త.

ఒక ఉదాహరణతో చూద్దాం. రాజోలు దగ్గరి పల్లెలో పదో తరగతి, ఆపైన ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేసి, కాకినాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్లు పనిచేసిన యువకుడు ఉన్నాడనుకుందాం. బాబాయి వరుసయ్యే ఒక సబ్ ఏజెంటు, కువైట్‌లో ఎలక్ట్రీషియన్లు కావాలట, కాగితాలన్నీ సాయంత్రంలోగా పంపరా, లేకపోతే కోటా అయిపోతుంది అన్నాడు. అప్పుడు ఆ యువకుడు, "బాబాయ్, ఏ ఆఫీసు తరఫున పిలుస్తున్నారో దాని పేరు, లైసెన్స్ నంబరు, ఇంతమంది కావాలని కంపెనీ పంపిన డిమాండ్ లెటర్ కాపీ పంపించండి, బయోడేటా ఈ రోజే పంపుతాను" అని అడగడం అమర్యాద కాదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ కింద నమోదై ఉండాలి. నమోదైన ఏజెంట్ల జాబితా emigrate.gov.in లో ఎవరైనా చూడవచ్చు. ఆ జాబితాలో ఆఫీసు దొరికితే, మెసేజ్‌లో వచ్చిన నంబరుకు కాకుండా జాబితాలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఈ ఉద్యోగాలు మీవేనా, ఊళ్లో ఫలానా ఆయన మీ తరఫున మాట్లాడుతున్నారా అని అడగాలి. అసలైన సంస్థ పేరు, లైసెన్స్ నంబరు ఎత్తుకొచ్చి తమ ఫోన్ నంబరు కింద పెట్టేవారు ఉన్నారు కనుక ఈ ఒక్క ఫోన్ తప్పనిసరి.

పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టు సాధారణంగా ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం లేని రకం అవుతుంది. దాన్ని చూసుకుని, నాకు ఈ తనిఖీలేవీ వర్తించవు అని చాలామంది అనుకుంటారు. వర్తించనిది ప్రయాణికుడికి కావలసిన క్లియరెన్స్ మాత్రమే, ఏజెంటుకు కావలసిన లైసెన్స్ కాదు.

మొదటి మెట్టులో, అంటే పరిచయం జరిగి ఇంకా పరీక్ష జరగని దశలో, పంపవలసింది బయోడేటా ఒక్కటే. అందులో పేరు, ఫోన్ నంబరు, చేసిన కోర్సు, పనిచేసిన ఏళ్లు, చేయగలిగిన పనులు ఉంటే చాలు. మన అలవాటు కొద్దీ తండ్రి పేరు, పూర్తి పుట్టినతేదీ, ఇంటి నంబరుతో చిరునామా, ఆధార్ నంబరు కూడా బయోడేటాలో రాస్తాం. అవి అక్కడ అక్కరలేదు. వయసు ఎంతో రాయండి, జిల్లా రాయండి, పాస్‌పోర్టు ఉంది, ఫలానా సంవత్సరం వరకు చెల్లుతుంది అని ఒక వాక్యం చేర్చండి.

రెండో మెట్టు పని చేయించి చూసే ట్రేడ్ టెస్టు, ఇంటర్వ్యూ. ఇక్కడ ఐటీఐ సర్టిఫికెట్ కాపీ, అనుభవ పత్రాల కాపీలు ఇవ్వడం సమంజసమే, ఎందుకంటే మీ అర్హతను తేల్చేవి అవే. చాలా ఆఫీసులు ఈ దశలోనే పాస్‌పోర్టు ఫొటో పేజీ కూడా అడుగుతాయి. గడువు తేదీ, పేరు చూపించడానికి ఇవ్వవచ్చు గానీ నంబరు మూసి ఇవ్వాలి, మూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నంబరు పేజీ పైభాగంలోనే కాకుండా అడుగున చిన్న బాణం గుర్తులతో నిండిన రెండు వరుసల్లో కింది వరుస మొదట్లో కూడా ఉంటుంది. దాని తరువాత పుట్టినతేదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఉంటుంది. పైనున్న నంబరు మీద గీత గీసి కింది వరుసలను వదిలేస్తే మూయనట్టే. ఫోన్‌లో హైలైటర్‌తో గీసిన మూత వెలుతురు పెంచితే కనిపిస్తుంది, పీడీఎఫ్‌లో పెట్టిన నల్ల పెట్టెను కొన్నిసార్లు తీసేయవచ్చు కూడా. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి కాగితంతో చేసేదే: జిరాక్స్ తీసి, ఆ చోట్ల తెల్ల కాగితం ముక్క అంటించి, మళ్లీ ఫొటో తీయండి.

ఎంపికై, జీతం, పని, కంపెనీ పేరు రాసి ఉన్న ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక మూడో మెట్టు మొదలవుతుంది. వీసా దరఖాస్తుకు, గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు చేయించుకునే వైద్య పరీక్షకు పాస్‌పోర్టు నంబరు నిజంగా కావాలి, కాబట్టి ఇక్కడ మొదటి పేజీ, చివరి పేజీ మూతలు లేకుండా ఇవ్వాలి. చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉంటాయి, అందుకే అది ఇంతకు ముందు అక్కరలేదు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కోసం పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. నేను చేయిస్తాను, ఆధార్ ఇవ్వు అనేవారికి ఇవ్వనవసరం లేదు.

ఈ దశలోనే పేర్ల తేడా బయటపడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకే అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనవాళ్లలో చాలా మామూలు. దీన్ని మొదటి వారంలోనే చూసుకుని, సరిచేసుకోవలసి వస్తే సంబంధిత కార్యాలయంలోనే చేయించుకోవాలి. ఏజెంటు కంప్యూటర్‌లో కాపీని సరిచేసి పంపుతానంటే ఒప్పుకోకండి, దిద్దిన సర్టిఫికెట్ బయటపడితే కేసు మీ పేరు మీదే నమోదవుతుంది.

మహిళల విషయంలో ఇంకో హెచ్చరిక ఉంది. ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి, నియామకం ప్రభుత్వం గుర్తించిన ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఆ పని చేసే సంస్థ. వయసు చాలని అమ్మాయితో, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మార్పిస్తాను, ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పమ్మా అని ఎవరైనా అడిగితే, అది ఉద్యోగం ఇప్పించే పని కాదు. ఓటీపీ ఏ దశలోనూ, ఎవరికీ చెప్పవలసిన అవసరం రాదు.

అసలు కాగితాల సంగతి వేరు. ఒరిజినల్ పాస్‌పోర్టు వీసా ముద్రకు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అటెస్టేషన్‌కు, అంటే అవి అసలైనవేనని అధికారుల ముద్ర వేయించడానికి మాత్రమే చేయి మారాలి, అదీ ఆఫర్ లెటర్ వచ్చాకే. కువైట్‌కు అటెస్టేషన్ అడిగితే అది రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం అనే క్రమంలో జరుగుతుంది. సౌదీకి 2022 డిసెంబరు నుంచి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు, రాయబార కార్యాలయానికి వెళ్లనక్కరలేదు. ఒరిజినల్ ఇచ్చేటప్పుడు లైసెన్స్ నంబరున్న ఆఫీసు ముద్రతో రసీదు తీసుకోవాలి: ఏ కాగితం, దాని నంబరు, ఎందుకోసం, ఏ తేదీకి తిరిగి ఇస్తారు అనే నాలుగు విషయాలు అందులో ఉండాలి. సెలెక్షన్ అయ్యేదాకా పాస్‌పోర్టు మా దగ్గరే ఉండనీ అనే ఆఫీసుకు ఒరిజినల్ ఇవ్వకండి. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, ఎవరూ దాన్ని హామీగా పట్టుకోవడానికి వీలులేదు. లంక గ్రామాల్లో వరదల భయంతో ఒరిజినల్స్‌ను ఏజెంటు ఆఫీసులో ఉంచడం కూడా మంచిది కాదు. వాటిని ప్లాస్టిక్ సంచిలో మూసి గట్టునున్న బంధువుల ఇంట ఉంచడం మేలు.

ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ సంగతికి వస్తే, విదేశీ యజమానికి వీటితో పని లేదు. ఇక్కడి ఆఫీసు గుర్తింపు కోసం తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. myaadhaar.uidai.gov.in లో డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు ఆ ఎంపిక ఉంటుంది, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది కదా అని మామూలు ఆధార్ ఫైలు పంపడం పొరపాటు. ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి ఉంటుంది, మీ బయోడేటా చేతిలో ఉన్నవారికి అది క్షణంలో తెలుస్తుంది. పాన్, ఆధార్, ఫొటో, సంతకం నాలుగూ ఒకేచోట చేరితే మీ పేరున యాప్ అప్పో, సిమ్‌కార్డో తీయడానికి ప్రయత్నించే వీలు దొరుకుతుంది, అందుకే ఈ నాలుగూ కలిపి ఒకే మెసేజ్‌లో ఎప్పుడూ పంపవద్దు.

పంపే ప్రతి కాపీ మీదా, ముఖ్యమైన అక్షరాల పక్కగా కాకుండా వాటి మీదుగా ఏటవాలుగా, "కువైట్ ఎలక్ట్రీషియన్ వీసా దరఖాస్తు కోసం మాత్రమే, ఫలానా ఆఫీసుకు, ఫలానా తేదీ" అని పెన్నుతో రాసి సంతకం చేయండి. వీసా దరఖాస్తులో ఎక్కించే శుభ్రమైన స్కాన్ అవసరమైతే దాన్ని వేరుగా, చివరి దశలో, ఆఫీసు ఈమెయిల్‌కు పాస్‌వర్డ్ పెట్టి పంపాలి. కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్‌తో పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు సెక్యూరిటీ అనే భాగంలో పాస్‌వర్డ్ పెట్టవచ్చు. ఆ పాస్‌వర్డ్‌ను అదే ఈమెయిల్‌లో రాయకుండా ఫోన్‌లో చెప్పాలి. ఫైలు సైజు తగ్గిస్తామనే ఊరూపేరూ లేని వెబ్‌సైట్లకు పాస్‌పోర్టు స్కాన్ ఎక్కించకండి. వాట్సాప్‌లో ఒక్కసారే కనిపించేలా పంపినా అవతలివారు ఇంకో ఫోన్‌తో దాన్ని ఫొటో తీయగలరు కనుక దాని మీద ఆధారపడలేం.

జిరాక్స్ షాపు దగ్గర కూడా అంతే జాగ్రత్త అవసరం. ప్రింటు కోసం కాగితాలను షాపు వాట్సాప్ నంబరుకు పంపితే, అవి ఆ ఫోన్‌లో, ఆ కంప్యూటర్‌లో మిగిలిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ప్రింటు అయ్యాక ఫైలును, రీసైకిల్ బిన్‌లో ఉన్న దాన్ని కూడా మీ ఎదుటే తీసేయించండి. మీ వాట్సాప్‌ను షాపు కంప్యూటర్‌లో తెరిచి ఉంటే, బయలుదేరే ముందు మీ ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ చూసి దాన్ని తొలగించండి.

కాగితాలన్నీ ఇప్పటికే పంపేసినవారు ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టి, గత 6 నెలల్లో ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూసుకోవాలి. తమ పేరు మీద ఎన్ని మొబైల్ నంబర్లు ఉన్నాయో sancharsaathi.gov.in లో తెలుస్తుంది, తమవి కాని నంబర్లపై అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. తీసుకోని అప్పులు ఉన్నాయేమో క్రెడిట్ రిపోర్టులో చూడాలి, ప్రతి క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కు ఫోన్ చేయాలి. ఇక ముందు పంపేవాటికి ఒక నోట్‌బుక్‌లో ఏ తేదీన, ఏ కాగితం, ఏ నంబరుకు పంపారో రాసుకోండి. ఎప్పుడైనా మీ కాగితం దుర్వినియోగమై ఎవరైనా దాని కాపీ చూపిస్తే, దాని మీద మీరు రాసిన ఆఫీసు పేరు, తేదీని ఈ నోట్‌బుక్‌తో పోల్చి అది ఎవరి చేతి నుంచి బయటికి వెళ్లిందో పోలీసులకు చెప్పగలుగుతారు.