గ్లైసిన్ టైట్రేషన్‌లో pI 3.4 వస్తోందా? ముందు NaOH సీసా చూడండి

pKa1 ఫర్వాలేదనిపిస్తుంది. pKa2 మాత్రం 9.6కి బదులు 9.3 దగ్గర ఆగుతుంది. 20 మి.లీ. NaOH పోశాక చూసిన pI అయితే 6 చుట్టూ ఉండాల్సింది, 3.4 చూపిస్తుంది. వెంటనే అందరూ pH మీటర్ మీద పడతారు. 4, 9.2 బఫర్లతో సరిచూశాక కూడా ఇదే వస్తుంటే మీటర్ని వదిలేయండి.

మామూలుగా 0.1 M గ్లైసిన్ 20 మి.లీ., 0.1 M HCl 20 మి.లీ. కలిపి, బ్యూరెట్ నుంచి 0.1 M NaOH వదులుతాం. లెక్క ప్రకారం 10 మి.లీ. దగ్గర pKa1, 30 దగ్గర pKa2. ఈ అంకెల్ని రికార్డులో ముందే రాసుకుని, గ్రాఫ్ మీద అక్కడే గీత గీసేస్తారు. NaOH నిజంగా 0.1 M అయితేనే అది చెల్లుతుంది.

కోనసీమ వానాకాలంలో ఆ నమ్మకం పెట్టుకోకండి. మూత సరిగా బిగించని సీసాలో NaOH బిళ్లలు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. 4 గ్రాములు తూచామనుకుంటాం, అందులో కొంత నీరే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఇంకొంచెం తినేస్తుంది. లీటరుకు కలిపాక 0.09 M వచ్చిందనుకుందాం. అప్పుడు 30 మి.లీ.లో ఉన్నది 2.7 మిల్లీమోల్సే. అమైనో గుంపు సగం కాదు, 35 శాతమే తటస్థమైంది. అందుకే 9.33. 20 మి.లీ. దగ్గర కార్బాక్సిల్ గుంపే ఇంకా పూర్తి కాలేదు. మరో రెండు మి.లీ. పోస్తే pH ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ నిటారు చోట ఒక్క చుక్కకే అంకె మారిపోతుంది కాబట్టి pIని అక్కడ చదవనే కూడదు. రెండు pKaల సగటు తీయండి.

సరిచేయడం తేలిక. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు 0.63 గ్రా. తూచి 100 మి.లీ.కి కలపండి. అందులో 10 మి.లీ. తీసుకుని ఫినాల్ఫ్తలీన్ వేసి మీ NaOHతో టైట్రేట్ చేయండి. 10 మి.లీ.కి గులాబీ రంగు రావాలి. 11.1 పట్టిందంటే అది 0.09 M. ఇక గ్లైసిన్ గ్రాఫ్‌లో pH నిటారుగా లేచే మొదటి ఎగుడు 22.2 దగ్గర వస్తుంది. అక్కడి నుంచి 11.1 వెనక్కి వెళ్తే pKa1, 11.1 ముందుకు వెళ్తే pKa2. రెండో ఎగుడు మసకగా ఉంటుంది, దాని కోసం కళ్లు పొడుచుకోకండి.

NaOH బలం సరిగ్గానే ఉండి, మొదటి ఎగుడు 20 దాటి 25 దగ్గర వస్తే HCl ఎక్కువైనట్టు. అప్పుడూ ఎగుడు నుంచే కొలవండి, సున్నా నుంచి కాదు: 15, 35.

pKa1 2.34 కాకుండా 2.5 దాకా వస్తే కంగారు వద్దు. ఇంత పలుచని ద్రావణంలో విడిగా ఉన్న హైడ్రోజన్ అయాన్ల వల్ల అంత తేడా రావడం సహజం. ఎలక్ట్రోడ్ సోడియం దోషం pH 12 దగ్గరి మాట, ఇక్కడ అక్కర్లేదు. లైసిన్ ఇస్తే మాత్రం సగటు తీసే జత మారుతుంది: 8.95, 10.53 తీసుకోండి, pI 9.74.