పాత డైరీల పేజీలు చించే ముందు జాగ్రత్తలు

చదవడం, పారవేయడం ఒకే రోజున పెట్టుకోకండి. మొదటిసారి చదివేటప్పుడు దగ్గర పెన్సిలు, చీటీలు మాత్రమే ఉండాలి. సిగ్గు అనిపించిన పేజీలో చీటీ పెట్టి, ఆ సిగ్గు రాసిన తీరుకా, చేసిన పనికా, లేక ఎవరైనా చూస్తారన్న భయానికా అన్నది దాని మీద ఒక్క మాటలో రాసి, కొన్ని వారాల తరువాత మళ్లీ చూడండి. రాసిన తీరు ఒక్కటే కారణమైతే పేజీని ఉంచడమే మేలని నా అభిప్రాయం. పదిహేడేళ్ల వయసులో అందరూ కాస్త అతిగానే రాస్తారు.

చించే ముందు కాగితం రెండో వైపు తప్పక చదవండి. ఒకవైపు స్నేహితురాలిని నిందిస్తూ రాసిన పేరాలు, రెండో వైపు తండ్రి ఆసుపత్రిలో చేరిన రోజు ఆయన అన్న మాటలు ఉంటే, ఆ మాటలను తేదీతో సహా వేరే కాగితం మీద ఎత్తి రాసుకున్న తరువాతే దానిని తీయాలి. దారంతో కుట్టిన పుస్తకంలో ఒక కాగితాన్ని మొదలంటా లాగితే, మడతకు అవతల దానితో కలిసి ఉన్న మరో కాగితం కూడా వదులై ఊడిపోతుంది కనుక, కుట్టు దగ్గర వేలి వెడల్పు అంచు వదిలి కత్తిరించండి.

ఫోన్‌తో ఫొటో తీసి అసలును చింపేవారు, ఆ ఫొటో కుటుంబమంతా చూసే ఆల్బమ్‌లోకి దానంతటదే చేరుతుందేమో ముందే చూసుకోవాలి. ఇతరులు నమ్మి చెప్పిన రహస్యాలున్న పేజీలకు మాత్రం ఈ వాయిదాలేవీ అవసరం లేదు.