పెళ్లి మేకప్ పాఠాలు – 4: ఫ్లాష్ పడినా ముఖం తెల్లబోకుండా

గత పాఠంలో ఫౌండేషన్ షేడును బుగ్గ మీద కాకుండా దవడ నుంచి మెడ మీదుగా కంటె ఆనే చోటు వరకు గీతలుగా పెట్టి పోల్చుకోవడం నేర్చుకున్నాం. షేడు సరిగ్గా కుదిరిన తరువాత కూడా కొన్ని ముఖాలు అద్దంలో ఒకలా, ఆల్బంలో మరొకలా కనిపిస్తాయి. మేకప్ గదిలో అందరూ మెచ్చుకున్న పెళ్లికూతురు, తలంబ్రాల ఫొటోలో పిండి పూసుకున్నట్టు ఉంటుంది. ఈ పాఠం ఆ తేడా గురించి మాత్రమే. దీనికి మీరు వాడే బేస్, లూజ్ పౌడరు, ఫ్లాష్ ఉన్న ఫోను, చీకటి చేసుకోగల గది ఉంటే చాలు.

అద్దం ఈ దోషాన్ని ఎందుకు పట్టుకోలేదో ముందుగా తెలుసుకోవాలి. గదిలోని వెలుగు నాలుగు వైపుల నుంచి వచ్చి ముఖం మీద పడుతుంది. కెమెరా మీద బిగించిన ఫ్లాష్ మాత్రం లెన్సుకు ఆనుకొని ఉంటుంది కనుక, దాని వెలుగు ముఖానికి నేరుగా తగిలి, వచ్చిన దారినే లెన్సులోకి తిరిగి వెళుతుంది. ‘హెచ్‌డి’ పేరుతో అమ్మే తెల్లని పౌడర్లలో చాలావాటికి సిలికాయే ప్రధాన సరుకు. దాని రేణువులకు తమ రంగంటూ ఏమీ లేదు కాబట్టి, మామూలు వెలుగులో చర్మం మీద అవి ఉన్నాయన్న సంగతే తెలియదు. ఎదురుగా బలమైన వెలుగు పడిన క్షణంలో మాత్రం ఆ వెలుగును తెల్లగా వెదజల్లుతాయి. అందుకే అద్దం ముందు ఎంతసేపు కూర్చున్నా ఈ తెలుపు కంటికి దొరకదు.

రెండో కారణం టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ అనే తెల్లని పొడులు. డబ్బా వెనక టైటానియం పేరు కనిపించగానే భయపడి పక్కన పెట్టేవారు ఉన్నారు, అది అనవసరం. దాదాపు ప్రతి ఫౌండేషన్‌లోనూ అది ఉంటుంది. పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్‌లతో కలిసి మన చర్మపు రంగుకు వస్తుంది. ఆ రంగుల తోడు లేకుండా తెలుపు ఒక్కటే పొరగా పరుచుకున్నప్పుడు చిక్కు వస్తుంది. ఫౌండేషన్ కింద మందంగా రాసిన మినరల్ సన్‌స్క్రీన్ అలాంటి పొరే. పగటి ముహూర్తానికి సన్‌స్క్రీన్ కావాలంటే తెల్లని చారలు మిగల్చని కెమికల్ రకం వాడుకోవచ్చు. రాత్రి ముహూర్తానికి సన్‌స్క్రీన్ రాసేవారిని చూస్తే మాత్రం, ఎవరి ఎండ కోసమో అడగాలనిపిస్తుంది.

మూడోది ఫ్లాష్‌తో సంబంధం లేని బూడిద రంగు. చామనచాయ చర్మం మీద ఒకటి రెండు షేడులు తెల్లనిది, అందులోనూ గులాబీ ఛాయ ఉన్నది వేస్తే, కింద ఉన్న గోధుమ రంగు ఆ తెలుపులోంచి తొంగిచూసి ముఖం బూడిదగా మారుతుంది. కళ్ల కింది నలుపు మీద నేరుగా లేత కన్సీలర్ వేసినప్పుడు జరిగేది కూడా ఇదే. మా పెద్దత్త ఇలాంటి ముఖాన్ని చూసి ‘బూడిద గుమ్మడికాయ’ అనేది. అంతకన్నా సరైన మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ఈ దోషం కిటికీ పక్కన పగటి వెలుగులోనే బయటపడుతుంది, ఫ్లాష్ దాన్ని మరింత ఎత్తి చూపుతుంది.

ఈ మూడింటిని విడదీసేది ఫొటోలోని తెలుపు ఆకారం. ముఖమంతా ఒకే తీరుగా తెల్లగా ఉండి, చెవులు, మెడ తమ రంగులోనే ఉంటే తప్పు బేస్‌లోనో దాని కింద రాసినదానిలోనో ఉంది. కళ్ల కింద, ముక్కు పక్కన, గడ్డం మీద అంచులు తెలిసేలా మచ్చలుగా ఉంటే అది పౌడరు. ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలో కూడా జీవం లేనట్టు కనిపిస్తే షేడు. ముఖంతో పాటు మెడ, చేతులు, చీర కూడా తెల్లబడి ఉంటే మేకప్‌ను తిట్టుకోనక్కరలేదు, అది ఫ్లాష్ ఎక్కువైన ఫొటో. ఈ తేడా తెలియడానికే పరీక్ష ఫొటోలో ఏమీ రాయని ముంజేతి లోపలి వైపును చెంప పక్కన పెట్టమని నేను అడుగుతాను.

ఇప్పుడు పరీక్ష. బేస్ వేసిన తరువాత పది, పదిహేను నిమిషాలు ఆగండి. కొన్ని ఫౌండేషన్లు ఆరేకొద్దీ కొద్దిగా ముదురుతాయి, తడి మీద తీసిన ఫొటోను నమ్మకూడదు. గది చీకటి చేసి, ఫోనులో బ్యూటీ మోడ్, నైట్ మోడ్ రెండూ ఆపి, ఫ్లాష్‌ను ఆటోలో కాకుండా ఎప్పుడూ వెలిగేలా పెట్టి, నాలుగైదు అడుగుల దూరం నుంచి వెనక కెమెరాతో తీయండి. ఎదురుగా ఒకటి, కొద్దిగా పక్కకు తిరిగి ఒకటి, తల వంచి ఒకటి తీయాలి. తల వంచినది ముఖ్యం, ఎందుకంటే జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, మంగళసూత్రం కట్టేటప్పుడు పెళ్లికూతురి తల వంగే ఉంటుంది. మొదటి ఫొటోలు పౌడరు వేయకముందు, తరువాతివి వేశాక తీస్తే దోషం ఏ పొరలో ఉందో అక్కడే తేలిపోతుంది. ఫోను ఫ్లాష్ కెమెరా ఫ్లాష్ అంత బలమైనది కాదు కాబట్టి, పెళ్లిరోజు వీలైతే ఫొటోగ్రాఫర్‌ని ఒక్క ఫ్రేము తీసి చూపించమని అడగండి. బేరమాడే పని కాదు, ఎవరూ కాదనరు.

ఒక ట్రయల్ వివరంగా చెబుతాను. చెన్నై పెరంబూరులో ఒక తెలుగువారి ఇల్లు. ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నట్టే వారికీ సాయంత్రం రిసెప్షన్, మరునాటి తెల్లవారుజామున ముహూర్తం. అమ్మాయిది చామనచాయ; బుగ్గలు కాస్త లేత, నుదురు, పెదవుల చుట్టూ ముదురు, మెడ ఇంకొంచెం ముదురు. బుగ్గకు కుదిరిన షేడు మెడ దగ్గర తేలిపోయింది. కాసుల పేరు, కంటె ఆనే చోటు రంగుకు దగ్గరైన షేడును, పసుపు ఛాయ ఉన్నదాన్ని ఎంచుకున్నాను. వాళ్లమ్మగారికి అది నచ్చలేదు.

“ఏమ్మా, ఒక్క షేడు తెల్లగా వేస్తే ఏం పోతుంది? పెళ్లికూతురు కదా, కాస్త వెలుగు ఉండాలి” అన్నారు.

“వేస్తానండీ, సగం ముఖానికి. రెండు సగాలూ ఫొటోలో చూసి మీరే చెప్పండి” అన్నాను.

ఎడమ సగానికి ఆవిడ అడిగినట్టు ఒక షేడు లేత ఫౌండేషన్, కంటి కింద లేత కన్సీలర్, పైన తెల్లని లూజ్ పౌడరు వేశాను. కుడి సగానికి నేను ఎంచుకున్న షేడును సగం శనగగింజంత తీసుకొని, తడిపి పిండిన స్పాంజితో అద్దాను. కంటి కింద నలుపు మీద మొదట ఆరెంజ్ కరెక్టర్‌ను గోరు మీద చుక్కంత తీసుకొని, నలుపు ఉన్న లోపలి మూలలో మాత్రమే వేలితో తట్టాను. ఆ పైన బేస్‌కు అర షేడు మాత్రమే లేతగా ఉన్న కన్సీలర్, చివరికి చర్మపు రంగులో ఉన్న పసుపు ఛాయ పౌడరు చిటికెలో సగం. ఆ పౌడరును కూడా ముందు మూతలోకి వంపి, పఫ్‌ను మడిచి బాగా అద్దుకొని, చేతి మీద దులిపాక ముఖానికి నొక్కాను, రుద్దలేదు.

అద్దం చుట్టూ ఉన్న బల్బుల వెలుగులో ఎడమ సగమే బాగుందని ఇంటిల్లిపాదీ అన్నారు, నిజానికి నాకు కూడా అక్కడ పెద్ద తేడా తోచలేదు. దీపాలు ఆపి ఫ్లాష్‌తో తీసేసరికి ఎడమ కంటి కింద అర్ధచంద్రాకారంలో తెల్లని పట్టీ, ముక్కు పక్కన సున్నపు గీత, చెవికి చెంపకు మధ్య సరిహద్దు కనిపించాయి. కుడి సగం ముంజేతి రంగుతో కలిసిపోయింది. అమ్మగారు ఫోను చేతిలోకి తీసుకొని రెండుమూడుసార్లు పెద్దది చేసి చూసి, “ఇటు పక్కదే వెయ్యమ్మా” అన్నారు. వెలుగు కావాలన్న ఆవిడ కోరికను మాత్రం తీసిపారేయలేదు. రిసెప్షన్ రోజు బుగ్గ ఎముక మీద మెరుపు రేణువులు లేని, క్రీములాంటి హైలైటర్ పలుచగా వాడాను.

పరీక్షలో పౌడరు తప్పు తేలితే ముఖం కడగనవసరం లేదు. శుభ్రమైన పెద్ద బ్రష్‌తో మిగులు పొడిని దులిపి, గట్టిగా పిండిన తడి స్పాంజితో ఆ చోట నొక్కి ఎత్తండి. ఆరాక రంగున్న పౌడరు పలుచగా అద్ది మళ్లీ ఫ్లాష్‌తో తీసి చూడండి. తప్పు బేస్‌లో ఉంటే ఈ మందు పనిచేయదు. పైన ఎంత ముదురు పౌడరు వేసినా కింది తెలుపు అలాగే ఉంటుంది, పొర మాత్రం మందమవుతుంది. అప్పుడు తుడిచి మొదటినుంచి వేయడమే తక్కువ శ్రమ.

మంటపంలో జరిగే పొరపాటు వేరు. నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పెళ్లిలో రాత్రి తొమ్మిదింటి ఫొటోలు చక్కగా వచ్చి, హోమం దగ్గరి ఫొటోలన్నీ తెల్లమచ్చలతో వచ్చాయి. బేస్ అదే, ముఖం అదే. చెన్నై ఉక్కకు, హోమగుండం వేడికి చెమట పట్టిన ప్రతిసారీ నేను చెమట మీదే పౌడరు అద్దుతూ పోయాను, నాలుగు గంటల్లో అది పూతగా పేరుకుపోయింది. అప్పటినుంచి చేతిసంచిలో పౌడరు కన్నా టిష్యూలే ఎక్కువ ఉంచుతున్నాను. టిష్యూను రుద్దకుండా ముఖానికి ఆనించి తీయాలి. ఆ తరువాత కూడా మెరుపు మిగిలిన చోట మాత్రమే, ట్రయల్‌లో పరీక్షించిన ఆ ఒక్క పౌడరే తాకించాలి. పక్కన కూర్చున్న పిన్నిగారు ప్రేమగా తన పర్సులోని కాంపాక్టు తీసి అద్దబోతే మర్యాదగా ఆపండి. అందులో ఏముందో ఆవిడకు గాని మీకు గాని తెలియదు.

పాతకాలపు మంటపాలకు పైకప్పు ఎత్తుగా ఉంటే, ఫ్లాష్‌ను పైకి తిప్పి వెలుగును మెత్తగా కిందికి రప్పించడం ఫొటోగ్రాఫర్‌కు కుదరదు, నేరుగానే కొడతారు. అలాంటి చోట పౌడరును నుదుటి నడుమ, ముక్కు పక్కల, గడ్డం మీద, కళ్ల కింద మాత్రమే ఉంచి బుగ్గలను వదిలేయడం మంచిది. మధుపర్కాలు కట్టాక ఇంకోసారి పరీక్ష ఫొటో తీయండి. తెల్లచీర ఫ్రేమంతా నిండినప్పుడు ఆటోలో ఉన్న కెమెరా వెలుగు తగ్గించి ముఖాన్ని నల్లగా తీస్తుంది, దాన్ని తరువాత కంప్యూటర్‌లో బలవంతంగా పైకి లేపితే సరైన బేస్ కూడా బూడిదగా కనిపిస్తుంది. ఇది మీ చేతిలో లేని సంగతే అయినా, మొదటి ఫ్రేములోనే ముఖం ముదురుగా కనిపిస్తే ఫొటోగ్రాఫర్‌కు ఆ మాట చెప్పవచ్చు.

వచ్చే పాఠానికి ముందు ఈ సగం ముఖం పరీక్షను మీ ముఖం మీదే చేసుకోండి. మీ దగ్గరున్న పౌడర్లను రెండేసి చొప్పున, ఒకే బేస్ మీద, ఒక్కో సగానికి ఒకటిగా వేసి ఫ్లాష్‌తో, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫ్లాష్‌లో తెల్లగా తేలిన డబ్బా మూత మీద మార్కర్‌తో ‘పగలు మాత్రమే’ అని రాసి, పెళ్లి పెట్టెలోంచి తీసేయండి.